బాపు కల్లు బాగాలేవు

పోయిన శ్రావణంలో ఒక ఆదివారం పొద్దున్నే ఊరి నుంచి మెసేజ్ వచ్చింది. పంపింది మా చిన్నాన్న కొడుకు. కరీంనగర్ దగ్గర పల్లె మాది. వాడు అక్కడే వ్యవసాయం చేసుకుంటూ ఉంటాడు. నేను హైదరాబాద్‌లో. మెసేజ్ ఉన్నదున్నట్టు ఇది:

అన్నా బాపు కల్లు బాగాలేవు. మల్లీ హైదరాబాద్ తీసుకెల్లాలి. మన ఇల్లు కాలీ అయితే నాలుగు రోజులు ఉంటాం. రునం సంగతి వచ్చాక మాట్లాడదాం. వేను కూడా వస్తాడు.

నేను స్నానానికి వెళ్లాను. ఫోన్ మా ఆవిడ చేతిలో ఉంది. ఆమెది తెనాలి. పెళ్లయి పదహారేళ్లయినా మా ఊరి మాట ఆమెకు చెవితోనే తెలుసు, రాతలో చూసింది తక్కువ. బయటికి వచ్చేసరికి ఆమె ముఖంలో కంగారు. "చిన్నమామయ్యగారికి కల్లు బాగాలేకపోతే హైదరాబాద్ తీసుకురావడం ఎందుకండీ? ఏం కలిపి అమ్మారో ఏమో. ఇల్లు కాలడమేంటి? ఎవరి ఇల్లు?" అంది.

ఆమె కంగారు అర్థం లేనిది కాదు. మా ఊళ్లో ఈత చెట్లున్నాయి, సాయంత్రం కల్లు తాగడం తప్పేమీ కాదు, కల్తీ కల్లు తాగి ఆస్పత్రి పాలైన వాళ్ల వార్తలూ మనం చదువుతూనే ఉంటాం. వెంటనే వాడికి ఫోన్ చేశాను. వాడు చెప్పింది ఇది: "బాపు కండ్లు మంచిగ లెవ్వే అన్నా. మర్ల హైదరాబాద్ తీస్కపోవాలె. మీ పైన పోర్షన్ ఖాళీగుంటె నాల్గు దినాలుంటం. అప్పు ముచ్చట వచ్చినంక మాట్లాడుకుందం."

ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తూ కూర్చున్నాను. ఒకే మనిషి, ఒకే సంగతి. నోటితో చెప్పినప్పుడు ఒక్క మాటకైనా రెండో అర్థం లేదు. రాసినప్పుడు ఇరవై ఒక్క మాటల్లో ఆరు తప్పులు పడ్డాయి. నాలుగుచోట్ల ళ రావలసింది ల అయింది, రెండుచోట్ల ణ రావలసింది న అయింది. వాడికి తెలుగు సరిగా రాదని తేల్చేస్తే, ఫోన్‌లో విన్న ఆ తేట తెలుగు ఎవరిది?

ముందు నోటి సంగతి చూద్దాం. ల పలికేటప్పుడు నాలుక కొస పైపళ్ల వెనక చిగురుకు తగులుతుంది. ళ పలకాలంటే ఆ కొసను వెనక్కి మడిచి అంగిలికి తాకించాలి. న, ణల మధ్య తేడా కూడా అంతే, కాకపోతే గాలి ముక్కులోంచి పోతుంది. ట, డ పుట్టే చోటే ణ, ళ కూడా పుడతాయి. అనుమానం ఉన్నవాళ్లు కల్లు, కళ్లు అని మెల్లగా పలికి నాలుక ఎక్కడ తగులుతోందో గమనిస్తే తెలిసిపోతుంది. రెండుసార్లూ ఒకేచోట తగిలితే వాళ్ల నోట్లో ఈ రెండు ధ్వనులూ కలిసిపోయాయన్నమాట.

తెలుగువాళ్లలో చాలామందికి కలిసిపోయాయి. తెలంగాణ పల్లెల్లో ఇది బాగా కనిపిస్తుంది కానీ అక్కడికే పరిమితం కాదు. కోస్తా పల్లెల్లోనూ 'నీల్లు', 'వాల్లు' వినిపిస్తాయి. అలా పలికేవాళ్లకు ళ అనేది చెవితో పట్టుకునే ధ్వని కాదు, బడిలో కంటితో గుర్తుపెట్టుకున్న అక్షరం. కంటి జ్ఞాపకం అన్ని మాటలకూ నిలవదు.

నిజానికి ఇలా కలిసిపోవడం మన భాషకు కొత్త కాదు. కన్నడంలో కణ్ణు, మణ్ణు, బెణ్ణె, అణ్ణ అంటారు. తమిళంలోనూ ఆ మాటల్లో ణకారమే. మనం మాత్రం కన్ను, మన్ను, వెన్న, అన్న అంటాం. అచ్చతెలుగు మాటల్లో ఇలాంటిచోట ణ ఏనాడో న అయిపోయింది. ఆ మార్పుకు తగ్గట్టే రాత కూడా మారింది కాబట్టి 'కన్ను' తప్పని ఎవరికీ తోచదు. మా తమ్ముడు 'రునం' అని రాసినప్పుడు జరిగింది కూడా అదే మార్పు. ఈసారి అది సంస్కృతం నుంచి వచ్చిన మాట మీద పడింది, రాత మాత్రం పాతచోటే ఉంది. అంతే తేడా.

ళ్ల లోపల దాగినవి

ఇక నన్ను ఎక్కువ ఆలోచింపజేసిన సంగతికి వస్తాను. వాడు నోటితో 'కండ్లు' అన్నాడు. ఆ మాటకూ కల్లుకూ పోలికే లేదు. వాడి మాటలో కల్లు అంటే కల్లే, కండ్లు అంటే కండ్లే. ళ పలకకపోయినా, ఆ తేడాను వాడి భాష మరో దారిలో భద్రంగా దాచుకుంది. ఇండ్లు, పండ్లు, బండ్లు, ఏండ్లు, పెండ్లి అన్నీ అలాంటివే. 'ఇల్లు' ఒకటైతే 'ఇండ్లు' అనేకం. వింటే పొరపడే వీలే లేదు.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, రాయడానికి కూర్చోగానే వాడు తన మాటను పక్కన పెట్టాడు. కండ్లు అని రాస్తే మోటుగా ఉంటుందని, పట్నంలో ఉండే అన్నకు పుస్తకంలో మాటే పంపాలని అనుకున్నాడు. పుస్తకంలో మాట కళ్లు. ఆ మాటను తన నోటితో పలుకుతూ టైప్ చేశాడు, కల్లు అయింది. తన రూపం వదిలేశాడు, పరాయి రూపం పూర్తిగా చేతికి రాలేదు. నడుమ ఉన్న సందులో అర్థం జారిపోయింది. 'తీసుకెల్లాలి' సంగతీ అంతే. వెళ్లడం అనే మాట వాడు రోజువారీ వాడడు. పోవడమే వాడి మాట. 'తీస్కపోవాలె'లో తప్పు పడడానికి అసలు అవకాశమే లేదు.

ఇంతకీ ఈ ళ్ల ఎక్కడి నుంచి వచ్చింది? తెలుగులో బహువచనానికి 'లు' చేరుస్తాం. మాట చివర డ, ర లాంటి అక్షరాలున్నప్పుడు అవి ఆ 'లు'తో కలిసి ళ్లు అవుతాయి. గుడి గుళ్లు అయింది. కోడి కోళ్లు అయింది. ఊరు ఊళ్లు, గోరు గోళ్లు, నీరు నీళ్లు, దేవుడు దేవుళ్లు, కూతురు కూతుళ్లు. ల చివర ఉన్న మాటల్లో కొన్ని కూడా ఇదే దారి పట్టాయి. కాలు కాళ్లు, ముల్లు ముళ్లు, రోకలి రోకళ్లు, వాకిలి వాకిళ్లు. కన్ను, పండు, ఇల్లు లాంటివాటికి ముందు కండ్లు, పండ్లు, ఇండ్లు అనే రూపాలున్నాయి. వాటిలోని ండ్ల మెత్తబడి ళ్ల అయింది. తెలంగాణ మాట ఆ పాత మెట్టు మీదే నిలిచి ఉంది.

బహువచనాలే కాదు. 'మళ్లీ' వెనక 'మరలి' ఉంది. 'వెళ్లు' వెనక 'వెడలు' ఉంది. 'పెళ్లి' వెనక 'పెండ్లి' ఉంది. ళ్ల కనిపించిన చోటల్లా పొట్ట చీల్చి చూస్తే చాలావరకు లోపల ఒక డ గానీ ర గానీ పక్కన లతో కలిసి దొరుకుతుంది. ల్ల అలా కాదు. తల్లి, పిల్ల, బెల్లం, మల్లె, చల్ల, కల్లు. వీటి లోపల ఏమీ దాగిలేదు. ఏ ఊరివాళ్ల నోటా ఇవి తండ్లి, బెండ్లం కావు.

దీన్నిబట్టి మా తమ్ముడికి నేను ఒక ఉపాయం చెప్పాను. కళ్లు రాయాలా కల్లు రాయాలా అని అనుమానం వస్తే పుస్తకం కోసం వెతుక్కోవద్దు, నీ మాట నువ్వు ఒకసారి పైకి అనుకో. నీ నోట కండ్లు వస్తే ళ్ల రాయి. ఊర్లు, గోర్లు అని వస్తే కూడా ళ్ల రాయి. 'మర్ల' అన్నావు కదా, అందులో ర ఉంది, కాబట్టి మళ్లీ. నీ నోట కూడా కల్లు అనే వస్తే అది చెట్టు మీంచి దిగేదే. 'మర్ల' అని వాడి నోట విన్నప్పుడే ఈ ఉపాయం నాకు తట్టింది. పాతికేళ్లుగా దిద్దుబాటు పనిలో ఉన్నా, మా ఊరి మాటే ఇంత మంచి కొలబద్ద అని అప్పటిదాకా గమనించలేదు.

ఉపాయానికి హద్దులున్నాయి. 'నీల్లు', 'వాల్లు', 'కాల్లు' అని పలికేవాళ్లకు ఆ మాటల్లో ఏ ఆనవాలూ వినపడదు. అప్పుడు ఒక మెట్టు వెనక్కి వెళ్లాలి. నీల్లుకు నీరు, వాల్లుకు వారు, కాల్లుకు కాలు దొరుకుతాయి. ఒక్కొక్క మాటలో రెండూ ఉంటాయి. అల్లుడికి బహువచనం అల్లుళ్లు. మొదటి ల్ల తల్లిలోని లాంటిది, రెండోది డు కరిగి పుట్టింది. మనుషుల్ని తికమకపెట్టే మాట ఇదేనని నా అనుభవం. 'అల్లుల్లు' అనీ 'అళ్లుళ్లు' అనీ రెండూ చూశాను.

కళ్లు అని రాయాలా, కళ్ళు అని రాయాలా అని కొందరు అడుగుతారు. రెండూ వాడుకలో ఉన్నాయి, పలుకు ఒక్కటే. పత్రికల్లో మొదటిది ఎక్కువ. అది తప్పొప్పుల తగువు కాదు.

నాలుక మడత విప్పని మాటలు

ణ సంగతి వేరు. వాడుక మాటల్లో దణ్ణం, వాణ్ణి లాంటివి కాస్త ఉన్నా, రాతలో మనకు ఎదురయ్యే ణకారాల్లో చాలావరకు సంస్కృతం మాటల్లోవే. అక్కడ వాడి ఊరి మాట సాయం చేయదు. కానీ ఆ భాష తన నియమాన్ని తనే పట్టుకొచ్చింది. పాణిని అష్టాధ్యాయి ఎనిమిదో అధ్యాయం నాలుగో పాదం ఈ నియమంతోనే మొదలవుతుంది. పుస్తకం తెరవకుండా నాలుకతోనే దాన్ని అర్థం చేసుకోవచ్చు.

ర, ష, ఋ పలికేటప్పుడు నాలుక కొస పైకి మడత పడుతుంది. ఆ తర్వాత అదే మాటలో న వస్తే, నాలుక ఇంకా మడతలోనే ఉంటుంది కాబట్టి అది ణ అయిపోతుంది. కారణం, మరణం, ప్రేరణ, ఆచరణ. మధ్యలో అచ్చులు వచ్చినా, పెదవులతో పలికే ప, మ, వ వచ్చినా, గొంతుకలో పలికే క, గ, హ వచ్చినా నాలుక కొసకు పని పడదు. అది మడతలోనే ఉండిపోతుంది. అందుకే తర్పణం, ప్రమాణం, గ్రహణం, నిర్వహణ. య వచ్చినా అంతే, రామాయణం. అయితే మధ్యలో చ, ట, త వర్గాల అక్షరాలో, ల, శ, సలో వస్తే వాటి కోసం నాలుక కదలాలి. మడత విప్పుకుంటుంది. తర్వాత వచ్చే న మామూలు నగానే ఉండిపోతుంది. రచన, కీర్తన, ప్రార్థన, దర్శనం, పరిశోధన. రసన అంటే నాలుకే. అందులో ర ఉన్నా, మధ్యలో స అడ్డం పడి న నిలిచిపోయింది.

వార్తల్లో రోజూ కనిపించే మాటల్ని ఈ కొలతతో చూస్తే ఎన్నో అనుమానాలు తీరిపోతాయి. 'పర్యవేక్షణ'లో క్షలో ష ఉంది, దాని తర్వాత అడ్డు లేదు, ణ. 'పర్యటన'లో ట అడ్డం, న. 'నియంత్రణ'కు ణ. 'నిరసన'కు స అడ్డం, న. 'గ్రామీణ'కు ణ, 'ప్రాచీన'కు చ అడ్డం, న. మా తమ్ముడి రుణం విషయంలో ఆలోచించాల్సిన పనే లేదు. మాట మొదట్లోనే ఋకారం ఉంది, ఇప్పుడు మనం దాన్ని రు అని రాసినా సరే, ణ తప్పదు.

ఈ నియమం ఒకే మాట లోపల పనిచేస్తుంది. 'రామనామం'లో ర ఉన్నా నామం మరో మాట, కాబట్టి న మారలేదు. తెలుగు మాటలకు అసలు వర్తించదు. 'ఊరిని' ఎవరూ ఊరిణి చేయరు. ర, ష లేకుండానే పుట్టుకతో ణ ఉన్న మాటలు కూడా ఉన్నాయి. గుణం, గణం, వీణ, మణి, బాణం, కోణం, పుణ్యం. వేణువు ఆ కోవలోదే. కాబట్టి వేణు పేరును వాడు ఏ నియమంతోనూ పట్టుకోలేడు, గుర్తుపెట్టుకోవలసిందే. పిన్ని కొడుకు పేరు గుర్తుపెట్టుకోవడం కష్టమేమీ కాదు. కానీ ఫోన్‌లో ఆ పేరు మొదట్లోనే ఇంగ్లిష్ అక్షరాలతో Venu అని పడింది, అక్కడి నుంచి తెలుగులోకి వచ్చింది. అప్పుడే ణ పోయింది.

మీట మీద వేలు

ఆ మాట వచ్చింది కాబట్టి కీబోర్డు గురించి చెప్పాలి. ఈ తికమకలో సగం బాధ్యత నోటిదైతే మిగతా సగం వేలిది.

మొదట్లో మొబైల్ మెసేజ్‌లు మనం ఇంగ్లిష్ లిపిలోనే పంపేవాళ్లం. చాలా ఫోన్లలో తెలుగు కనిపించేది కాదు. కనిపించినా, ఒక ఎస్సెమ్మెస్‌లో ఇంగ్లిష్ అక్షరాలైతే 160 పట్టేవి, తెలుగైతే 70 మాత్రమే. పైగా ఆ లెక్కలో గుణింతం గుర్తు ఒకటి, పొల్లు ఒకటి. కళ్లు అనే రెండక్షరాల మాటకే ఐదు ఖర్చవుతాయి: క, ళ, పొల్లు, ల, కొమ్ము. అందుకని kallu అని కొట్టి పంపడం అలవాటైంది. ఆ kallu కళ్లూ కావచ్చు, కల్లూ కావచ్చు. malli మల్లీ కావచ్చు, మళ్లీ కావచ్చు. చదివేవాళ్లే సందర్భాన్ని బట్టి సరిచేసుకునేవారు. రాసేవాడికి ఆ తేడా గురించి ఆలోచించే అవసరం ఏళ్ల తరబడి రాలేదు.

ఇప్పుడు ఫోన్లన్నిట్లో తెలుగు ఉంది. కానీ చాలామంది ఇంకా ఇంగ్లిష్ అక్షరాలే కొడతారు, ఫోన్ దాన్ని తెలుగు చేస్తుంది. కంప్యూటర్ మీద ఇలా రాసే పద్ధతుల్లో పాతది, పేరున్నది ఆర్‌టీఎస్. అమెరికాలోని రైస్ యూనివర్సిటీ పేరు మీద వచ్చింది. అందులో చిన్న బడికి, పెద్ద బడికి తేడా ఉంది:

```
kallu   కల్లు
kaLlu   కళ్లు
kaLLu   కళ్ళు
```

చిన్న n కొడితే న, పెద్ద N కొడితే ణ. ఆ పద్ధతిలో రాసేవాడు ప్రతి ళ దగ్గరా ఒక్క క్షణం ఆగి షిఫ్ట్ నొక్కాలి. ఆ ఆగడంలోనే ఆలోచన ఉంది. ఇన్‌స్క్రిప్ట్ అనే ప్రభుత్వ ప్రమాణ కీబోర్డులోనూ అంతే. ల ఉన్న N మీట మీదే షిఫ్ట్‌తో ళ వస్తుంది. న V మీట మీద ఉంటే, ణ షిఫ్ట్‌తో C మీద ఉంది.

ఇప్పటి ఫోన్ కీబోర్డులు ఆ ఆగడాన్ని తీసేశాయి. kallu అని కొడితే చాలు, పైన వరసలో రెండు మూడు మాటలు చూపిస్తాయి, ఎక్కువమంది వాడేది ముందు పెడతాయి. ఖాళీగా ఉన్న బొటనవేలు మొదటిదాన్ని నొక్కేస్తుంది. మా తమ్ముడి ఫోన్ తీసుకుని నేనే కొట్టి చూశాను. అక్కడ కల్లు ముందుంది, కళ్లు దాని పక్కనే ఉంది. వాడు ఎన్నిసార్లు కల్లు ఎంచుకుంటే అది అంత గట్టిగా ముందు కూర్చుంటుంది. ఫోన్ వాడి తప్పును నేర్చుకుని వాడికే తిరిగి అందిస్తోంది.

తప్పు ఎక్కడి నుంచి వచ్చిందో తప్పే చెబుతుంది. తెలుగులో ఏ మాటా ణతో గానీ ళతో గానీ మొదలు కాదు. మెసేజ్ మొదట్లో 'ణీల్లు' అనో 'ణేను' అనో కనబడితే అది మనిషి చేసింది కాదు. వాక్యం మొదటి అక్షరాన్ని ఫోన్ తనంతట తానే పెద్ద బడికి మార్చింది, Nenu కాస్తా ణేను అయింది. మాట మధ్యలో ళ ఉండాల్సినచోటల్లా ల పడుతూ పోతే అది నోటి అలవాటో, వరసలో మొదటి మాట నొక్కే అలవాటో. దానికి తిరగబడి, ల ఉండాల్సినచోట ళ పడిందంటే, 'వెళ్లుల్లి', 'పిళ్లలు', 'ప్రార్థణ' అని రాశారంటే, ఆ మనిషి జాగ్రత్తపడుతున్నాడన్నమాట. ఎవరో ఎప్పుడో దిద్దారు, నవ్వారు కూడా. అప్పటి నుంచి ఎందుకైనా మంచిదని కష్టమైన అక్షరమే వేస్తున్నాడు. ఇలాంటి తప్పు చూసినప్పుడు నాకు మనసు చివుక్కుమంటుంది. వెనక ఒక చిన్నబుచ్చుకున్న మనిషి కనిపిస్తాడు.

ఏ నియమమూ లేని చోటు

నియమాలు చెప్పాను కాబట్టి, అవి పనికిరాని చోటు కూడా చెప్పడం ధర్మం. సంస్కృతంలో వేదభాషను పక్కన పెడితే ళ లేదు. అక్కడ కలా, మంగల, సరల, ధూలి. మనం తెచ్చుకున్నాక కళ, మంగళం, సరళం, ధూళి చేసుకున్నాం. పోనీ అన్నీ అలా చేశామా అంటే లేదు. కమలం, విమల, నీలం, శీతలం, కోమలం అలాగే ఉంచేశాం. ఎందుకు కొన్ని మారాయో, కొన్ని మారలేదో చెప్పే సూత్రం లేదు. కల్యాణం సంగతి మరీ విచిత్రం. మూలంలో ల, పండితులు రాసేది ల, శుభలేఖల్లో ఎక్కువగా కనిపించేది కళ్యాణం. దాన్ని తప్పని కొట్టేయడానికి నాకు చేయి రాదు.

ఖాళీ అయితే ఉర్దూ ద్వారా వచ్చిన మాట. అక్కడ ఖాలీ అనే అంటారు. ళ మనం పెట్టుకున్నది. మా తమ్ముడు 'కాలీ' అని రాసినప్పుడు ళ విషయంలో మూలానికి దగ్గరగా ఉన్నాడు, వాడు వదిలేసింది ఒత్తు. కానీ తెలుగులో కాలి అంటే కాలిపోయి, కాలి అంటే కాలు యొక్క. Kali అని కొట్టి చూడండి. కలి, కాలి, కాళి, ఖాళీ అన్నీ ఆ నాలుగు అక్షరాల్లోనే ఉన్నాయి. మా ఆవిడకు ఇల్లు తగలబడినట్టు తోచడంలో వింతేముంది?

ఇన్ని చిక్కులుంటే ళను తీసేస్తే పోలేదా అని ఒక మిత్రుడు అడిగాడు. బండి ఱను తీసేశాం కదా, గుఱ్ఱం గుర్రమై హాయిగా పరుగెత్తుతోంది కదా అన్నాడు. ఆలోచించదగ్గ ప్రశ్నే. కానీ ఱ, రల తేడా ఇప్పుడు మన ఎవరి నోటా లేదు. ళ తేడా ఇంకా కోట్లమంది నోట బతికే ఉంది. రెండోది, ళ తీస్తే ఒకటి, అనేకం అనే తేడా కొన్నిచోట్ల పోతుంది. మా ఊరి వాట్సాప్ గ్రూపులో ఒకసారి ఇలా వచ్చింది: 'కాలువ పక్కన ఇల్లు కూల్చొద్దని రేపు అర్జీ ఇవ్వాలి, అందరూ రండి.' చాలామంది అది ఎవరో ఒకరి ఇంటి గొడవ అనుకుని ఊరుకున్నారు. కాలువ పక్కన ఉన్న తొమ్మిది ఇండ్లవాళ్లే వెళ్లారు. రాసినవాడు ఇళ్లు అనుకుని రాశాడు. తన మాటలో ఇండ్లు అని రాసి ఉంటే ఊరంతా వచ్చేది.

కల్లు, కళ్లు దగ్గర వ్యాకరణం మనల్ని కాపాడుతుంది. మెసేజ్ మళ్లీ చూడండి. 'బాగాలేవు' అని ఉంది. కల్లు పులిసిపోతే 'బాగాలేదు' అంటాం, ఎందుకంటే కల్లు ఏకవచనం. 'లేవు' అన్నాడంటే అవి రెండు, అంటే కళ్లే. కంగారులో మా ఆవిడ అది చూడలేదు, చూసి ఉంటే సగం భయం అక్కడే పోయేది. గ్రూపులో వచ్చిన 'ఇల్లు కూల్చొద్దని' దగ్గర అలాంటి సాయం చేసే క్రియ లేదు. కూల్చొద్దు అన్నది ఒకటికైనా పదింటికైనా అదే. ఇలాంటి చోట్ల అక్షరం ఒక్కటే దిక్కు.

యంత్రానికైతే ఏ సందర్భమూ పట్టదు. కంప్యూటర్ లెక్కలో ల సంఖ్య U+0C32, ళ సంఖ్య U+0C33. పక్కపక్క ఇళ్లే, కానీ రెండు వేరు తలుపులు. ఆరు నెలల తర్వాత ఆ అప్పు గురించి ఏమనుకున్నామో చూద్దామని మా ఇద్దరి సంభాషణలో 'రుణం' అని వెతికాను. ఏమీ దొరకలేదు. వాడు రాసిందల్లా 'రునం' అనే. వేణు నంబరు కోసం వాడి ఫోన్‌లో వెతికినా అంతే, వేను అని కొడితేనే వచ్చాడు.

చిన్నాన్నకు రెండు కళ్లలోనూ శుక్లాలు. పదిహేను రోజుల తేడాతో రెంటికీ ఆపరేషన్ చేశారు. మొదటిది అయ్యాక మా పైన పోర్షన్‌లోనే నాలుగు రోజులున్నారు. మా ఆవిడ పూటపూటకూ చుక్కలు వేసింది. వెళ్లేముందు చిన్నాన్న ఆమె చేతి గాజుల రంగు చెప్పి, "ఇప్పుడు మంచిగ కనవడుతున్నయమ్మా" అన్నాడు.

రెండో కన్ను కూడా నయమై ఊరు చేరాక తమ్ముడి మెసేజ్ వచ్చింది. ఈసారి మా ఆవిడే ముందు చదివి నా చేతికి ఇచ్చింది.

అన్నా బాపు కండ్లు మంచిగున్నయి. మర్ల పండుగకు వస్తం. వదినెకు చెప్పు.